ఒక టాస్క్‌కు ఒక్క పేరే: ఉమ్మడి అసైన్‌మెంట్లను విడగొట్టడం ఎలా?

టాస్క్ బోర్డులో ఒక కార్డు మీద ముగ్గురి ఫొటోలు కనిపిస్తే చూసేవాళ్ళకు ధైర్యంగానే ఉంటుంది. ముగ్గురు చూసుకుంటున్నారు, ఎవరో ఒకరు పూర్తి చేస్తారులే అనిపిస్తుంది. అదే కార్డు రెండు వారాలపాటు కదలకుండా ఉంటే మాత్రం ఎవరిని అడగాలో తెలియదు. ముగ్గురినీ ట్యాగ్ చేసి "ఏమైంది?" అని రాయడం తప్ప వేరే దారి ఉండదు. ఆ కామెంట్ చూసిన ముగ్గురిలో ప్రతి ఒక్కరూ మిగతా ఇద్దరిలో ఎవరైనా జవాబిస్తారేమోనని కాసేపు ఆగుతారు.

ఈ టీములో ఎవరూ పని ఎగ్గొట్టడం లేదు. ముగ్గురూ తమ వంతు చేశామనే అనుకుంటున్నారు, చాలాసార్లు అది నిజం కూడా. రెండో పేరు చేర్చగానే బాధ్యత రెట్టింపు అవుతుందని మనం అనుకుంటాం. జరిగేది ఏమిటంటే, ఇప్పుడు ఎవరు కదలాలి అన్న ఒక్క సమాచారం ఆ కార్డు మీద నుంచి చెరిగిపోతుంది. అలాంటి కార్డులను వెతికి, విడగొట్టి, ఒక్కొక్కదానికీ ఒక్కొక్క మనిషిని పెట్టడం ఎలాగో ఈ మార్గదర్శిలో ఒక ఉదాహరణ పట్టుకుని చెబుతాను. ఉదాహరణ సాఫ్ట్‌వేర్ టీముది. టాస్క్ బోర్డు వాడే ఏ టీముకైనా పద్ధతి ఇదే.

## ముగ్గురూ పని చేసినా ఆగిపోయిన టాస్క్

టాస్క్ నంబర్ 142. శీర్షిక: "పెద్ద ఖాతాల్లో రిపోర్టు డౌన్‌లోడ్ ఫెయిల్ అవుతోంది." రిపోర్టు పెద్దదైతే సర్వర్ దాన్ని తయారు చేసేలోపే కనెక్షన్ టైమవుట్ అవుతోంది. పరిష్కారం ఏమిటో అందరికీ తెలుసు. రిపోర్టును వెనకాల విడిగా తయారు చేయాలి, తయారవుతున్నంతసేపు స్క్రీన్ మీద ఆ మాట చూపించాలి, ఫైల్ సిద్ధమయ్యాక డౌన్‌లోడ్ లింక్ ఇవ్వాలి. టీమ్ లీడ్ ఈ టాస్క్‌కు బ్యాకెండ్ ఇంజనీర్‌ను, ఫ్రంటెండ్ ఇంజనీర్‌ను, టెస్టర్‌ను అసైన్ చేశారు.

సోమవారం పని మొదలైంది. బుధవారం బ్యాకెండ్ ఇంజనీర్ తన కోడ్ కలిపేసి "నా వైపు అయింది" అని కామెంట్ పెట్టి ఇంకో పనిలోకి వెళ్ళారు. ఫ్రంటెండ్ ఇంజనీర్ ఆ కామెంట్ చూశారు. రిపోర్టు ఎంతవరకు తయారైందో చెప్పే ఎండ్‌పాయింట్ కూడా అందులో ఉందో లేదో కామెంట్‌లో లేదు. అది ఇంకా రాలేదనుకుని ఆయన వేరే టాస్క్ తీసుకున్నారు. టెస్టర్ బోర్డు చూస్తే స్టేటస్ ఇంకా "ఇన్ ప్రోగ్రెస్" అనే ఉంది కాబట్టి తన వంతు రాలేదనుకున్నారు. ఆమె అనుకున్నది సబబే.

మరుసటి వారం గురువారం సపోర్ట్ టీమ్ నుంచి ముగ్గురికీ కలిపి ప్రశ్న వచ్చింది. శుక్రవారం ఫ్రంటెండ్ ఇంజనీర్ "ఎండ్‌పాయింట్ కోసం చూస్తున్నాను" అని రాశారు. "అది పోయిన బుధవారమే ఉంది" అని బ్యాకెండ్ నుంచి జవాబు. తొమ్మిది రోజులు ఎవరి చేతిలోనూ లేకుండా పోయాయి.

అంతకన్నా పెద్ద నష్టం రిలీజ్ తర్వాత బయటపడింది. రిపోర్టు తయారవడానికి పది నిమిషాలు పడితే కస్టమర్ అంతసేపు స్క్రీన్ ముందు కూర్చోరు, పేజీ మూసేస్తారు. తిరిగి వచ్చేసరికి లింక్ ఎక్కడుందో తెలియదు. లింక్‌ను ఈమెయిల్‌లో పంపాలి, కానీ ఆ పని ఎవరూ చేయలేదు. అది మెయిల్ సర్వీసులో ఉంటుంది కాబట్టి ఫ్రంటెండ్‌ది కాదు. కస్టమర్ చదివే మాటలు రాయాలి కాబట్టి బ్యాకెండ్ ఇంజనీర్‌కు అది తన పనిగా తోచలేదు. ఎవరూ కట్టనిదాన్ని టెస్టర్ పరీక్షించలేరు. ముగ్గురి పనులు కలిసేచోట ఒక సందు మిగిలింది, ఆ సందులో ఒక పని మొత్తం జారిపోయింది.

ఉమ్మడి అసైన్‌మెంట్‌లో ఆలస్యం కనీసం కంటికి కనిపిస్తుంది. ఇలా జారిపోయిన పని ముందుగా కనిపించదు.

## ఇది బద్ధకం కాదు

పదిమంది చేరితే పాము చావదని మన పెద్దలు ఊరికే అనలేదు. దీన్ని ప్రయోగంతో చూపించినవాళ్ళు అమెరికన్ మనస్తత్వవేత్తలు జాన్ డార్లీ, బిబ్ లాటనే. 1968లో ప్రచురించిన వారి ప్రయోగంలో ఒక్కో విద్యార్థి ఒక్కో గదిలో కూర్చుని ఇంటర్‌కామ్‌లో మాట్లాడుతుండగా, అవతలి గొంతుకు మూర్ఛ వచ్చినట్టు వినిపిస్తుంది. అది వింటున్నది తానొక్కరే అనుకున్నవాళ్ళలో 85 శాతం మంది ఆ గొంతు ఆగిపోయేలోపే సాయం కోసం బయటికి వచ్చారు. ఇంకొకరు కూడా వింటున్నారనుకున్నప్పుడు అది 62 శాతానికి తగ్గింది. మరో నలుగురు వింటున్నారనుకున్నప్పుడు 31 శాతమే.

కదలనివాళ్ళు పట్టించుకోనివాళ్ళు కారని కూడా ఆ పరిశోధకులు రాశారు. చాలామంది వణుకుతున్నారు, ఆందోళనతో ఉన్నారు. కదలాలా వద్దా అన్న సందిగ్ధంలోనే ఉండిపోయారు. ప్రాణాపాయం ఉన్నచోటే ఇలా జరిగితే రిపోర్టు డౌన్‌లోడ్ లాంటి మామూలు పనిలో జరగడం వింత కాదు. అందుకే "అందరూ కాస్త బాధ్యతగా ఉండాలి" అని మీటింగులో చెప్పడం వల్ల ఏమీ మారదు. మార్చాల్సింది కార్డు మీద పేర్లు పెట్టే తీరు.

## మొదటి అడుగు: అసైనీ గడికి ఒకే అర్థం పెట్టుకోండి

టూల్ సెట్టింగ్స్ జోలికి వెళ్ళకముందే టీమంతా కూర్చుని ఒక మాట తేల్చుకోవాలి. మన బోర్డులో అసైనీ అంటే ఎవరు? అడిగి చూడండి, కనీసం మూడు జవాబులు వస్తాయి. పని చేస్తున్నవాళ్ళు అని కొందరు, దాని గురించి తెలిసినవాళ్ళు అని ఇంకొందరు, ఆలస్యమైతే జవాబు చెప్పాల్సినవాళ్ళు అని మరికొందరు అంటారు. ఒకే గడిని మూడు అర్థాల్లో నింపుతుంటే అందులో మూడు పేర్లు చేరడం సహజమే.

నేను సూచించే అర్థం ఇది: ఈ టాస్క్‌లో తర్వాతి అడుగు వేయాల్సిన మనిషి, అది ఆగిపోతే ఆగిందని చెప్పాల్సిన మనిషి అసైనీ. పనంతా స్వయంగా చేయనక్కర్లేదు. వేరేవాళ్ళ చేత చేయించవచ్చు, సాయం అడగవచ్చు. టాస్క్ ఇప్పుడు ఎక్కడుంది అని అడిగితే మాత్రం వాకబు చేసైనా సరే జవాబు చెప్పాల్సింది ఆ ఒక్కరే.

ఇందులో ఒక చిక్కుంది. కొన్ని టీముల్లో టాస్క్ దశ మారినప్పుడల్లా అసైనీ కూడా మారుతుంది. కోడ్ రాసేటప్పుడు ఇంజనీర్, తర్వాత రివ్యూ చేసేవారు, ఆ తర్వాత టెస్టర్. ఏ రోజు చూసినా ఒక్క పేరే ఉంటుంది, బాగానే ఉందనిపిస్తుంది. కానీ మొదటి నుంచి చివరిదాకా పట్టుకుని ఉన్నవాళ్ళు ఎవరూ ఉండరు. ప్రతి ఒక్కరూ బంతిని అవతలికి తోసేయడంతో తమ పని అయిపోతుంది. చిన్న టాస్క్ అయితే పర్వాలేదు. వారం దాటే పనికి పైన ఒక పేరెంట్ టాస్క్ పెట్టి, దాని అసైనీని చివరిదాకా మార్చకండి. చేతులు మారేది కింది సబ్‌టాస్క్‌లలోనే ఉండాలి.

## రెండో అడుగు: ఉమ్మడి టాస్క్‌లన్నీ బయటికి తీయండి

ఇది టూల్‌ను బట్టి ఉంటుంది. జీరా, అసానా, లీనియర్ అసైనీ గడిలో ఒక్క పేరునే ఉంచనిస్తాయి. గిట్‌హబ్‌లో ఒక ఇష్యూకు పదిమంది వరకు అసైన్ చేయవచ్చు. ట్రెల్లో కార్డుకైతే అసైనీ అని విడిగా ఉండదు, మెంబర్లు ఉంటారు, ఎంతమందినైనా చేర్చవచ్చు.

గిట్‌హబ్ వాడేవాళ్ళు కమాండ్ లైన్ టూల్‌తో ఒకరికన్నా ఎక్కువమంది ఉన్న ఓపెన్ ఇష్యూల జాబితా ఇలా తీయవచ్చు:

```
gh issue list --limit 500 --json number,title,assignees \
  --jq '.[] | select((.assignees | length) > 1) | "\(.number) \(.title)"'
```

అసలు ఎవరి పేరూ లేనివి కూడా చూడండి:

```
gh issue list --limit 500 --search "no:assignee"
```

ఒక్క పేరునే అనుమతించే టూల్ వాడుతున్నాం కాబట్టి మాకీ సమస్య లేదని నిశ్చింతగా ఉండకండి. టూల్ అడ్డుపడితే టీములు పక్కదారి వెతుక్కుంటాయి. జీరాలో కొందరు ఒకరికన్నా ఎక్కువమందిని ఎంచుకునే కస్టమ్ ఫీల్డ్ చేర్చుకుంటారు. ఇంకా చాలాచోట్ల కనిపించేది టీమ్ పేరు మీద తెరిచిన ఖాతా. "టెస్టింగ్ టీమ్" అనో "సపోర్ట్" అనో ఒక లాగిన్ సృష్టించి టాస్క్‌లు దానికి అసైన్ చేస్తారు. గడిలో ఒక్క పేరే ఉన్నా దాని వెనక ఆరుగురు ఉంటారు. నా దృష్టిలో ఇది ముగ్గురి పేర్లు పెట్టడం కన్నా ప్రమాదకరం. ముగ్గురి పేర్లుంటే కనీసం ఎవరికి ఫోన్ చేయవచ్చో తెలుస్తుంది, ఖాతాకు ఫోన్ చేయలేం. అలాంటి ఖాతాల మీదున్న టాస్క్‌లన్నింటినీ కూడా జాబితాలో చేర్చండి.

జాబితా తీసేటప్పుడే ఇంకో లెక్క చూడండి. టీములో ఒక్కొక్కరి పేరుతో ఫిల్టర్ పెట్టి వచ్చే సంఖ్యలన్నీ కలపండి. బోర్డు మీద ఎవరో ఒకరి పేరున్న ఓపెన్ టాస్క్‌లు 40 ఉండి, ఒక్కొక్కరి లెక్కలు కలిపితే 57 వస్తే, ఆ 17 తేడా అంతా ఒకే పనిని రెండుమూడు చోట్ల లెక్కపెట్టడం వల్ల వచ్చిందే. ఎవరి మీద ఎంత భారం ఉందో చూసి కొత్త పని పంచే మేనేజర్‌కు ఈ లెక్క తప్పు దారి చూపిస్తుంది. అందరూ ఊపిరాడనంత పనిలో ఉన్నట్టు కనిపిస్తారు, పనులు మాత్రం తెమలవు.

## మూడో అడుగు: రెండో పేరు ఎందుకు చేరిందో అడగండి

ఈ అడుగులోనే ఎక్కువ సమయం పెట్టండి. జాబితాలో ఉన్న ప్రతి టాస్క్‌నూ తీసుకుని, రెండో మనిషిని ఎందుకు చేర్చామని అడగాలి. పేర్లను ఒకేసారి చెరిపేసి ఒక్కటి మిగల్చడం తేలికే, కానీ అలా చేస్తే రెండో పేరు వెనకున్న అవసరం కూడా పోతుంది. కొద్ది రోజుల్లో ఆ పేర్లు మళ్ళీ వచ్చి చేరతాయి. కారణాన్ని బట్టి మందు వేరుగా ఉంటుంది.

అన్నింటికన్నా ఎక్కువగా కనిపించే కారణం, ఒక టాస్క్ పేరు కింద నిజానికి రెండుమూడు పనులు ఉండడం. 142 అలాంటిదే. దీన్ని విడగొట్టాలి, ఎలాగో తర్వాతి అడుగులో చెబుతాను.

రెండో కారణం, తెలియజేయాలన్న ఉద్దేశం. "ఆమెకు కూడా తెలిసి ఉండాలి" అని డిజైనర్ పేరు చేర్చేస్తారు. తెలియాల్సినవాళ్ళను వాచర్‌గానో ఫాలోయర్‌గానో పెట్టండి. జీరాలో వాచర్లు, అసానాలో కొలాబరేటర్లు, గిట్‌హబ్‌లో సబ్‌స్క్రైబ్ చేసుకునే సౌకర్యం దానికోసమే ఉన్నాయి. రివ్యూ చేయాల్సినవాళ్ళను కూడా అసైనీగా పెట్టకండి, గిట్‌హబ్ పుల్ రిక్వెస్ట్‌లో రివ్యూయర్‌కు వేరే గడి ఉంది.

మూడోది, అందరూ విడివిడిగా చేయాల్సిన పని. ఉదాహరణకు టీములో ఎనిమిది మందీ తమ పాస్‌వర్డ్ మార్చుకోవాలి. ఎనిమిది పేర్లతో ఒకే టాస్క్ పెడితే ఐదుగురు మార్చుకున్నాక అది పూర్తయినట్టా, కానట్టా? బోర్డు చెప్పలేదు. ఆరో మనిషి తన పని అయిందని టాస్క్ మూసేస్తే మిగతా ఇద్దరి సంగతి అక్కడితో సరి. ఇలాంటివాటికి మనిషికొక కాపీ చేయాలి. అందరిదీ పూర్తయిందో లేదో చూడడం తొమ్మిదో టాస్క్, అది ఒక్కరిది.

నాలుగోది ఒప్పుకోవడానికి కష్టమైన కారణం. ఎవరికి ఇవ్వాలో తేల్చుకోలేక ఇద్దరికీ ఇచ్చేయడం. రెండు టీముల మధ్య పని ఎవరిదన్న తగవు ఉన్నప్పుడు "ఇద్దరూ కలిసి చూసుకోండి" అంటే అప్పటికి గొడవ సద్దుమణుగుతుంది. కానీ తేల్చాల్సింది తేలలేదు, టాస్క్ లోపలికి వెళ్ళిపోయిందంతే. ఇలాంటప్పుడు గడిని ఖాళీగా ఉంచడమే మేలని నా అభిప్రాయం. ఖాళీ గడి కనీసం నిజం చెబుతుంది, ఈ పని ఎవరిదీ కాదని. ఖాళీ టాస్క్‌లను రోజూ చూసి పేరు పెట్టే పని ఒకరికి అప్పగించండి, వారం వారం మనిషిని మార్చుకోవచ్చు. రెండు పని దినాలు దాటినా పేరు పడని టాస్క్ మేనేజర్ దగ్గరికి వెళ్ళాలి. తేల్చడం మేనేజర్ పని.

## నాలుగో అడుగు: 142ను విడగొడదాం

విడగొట్టేటప్పుడు సాధారణంగా జరిగే తప్పు, మనుషుల లెక్కన ముక్కలు చేయడం. ముగ్గురున్నారు కాబట్టి బ్యాకెండ్ ముక్క, ఫ్రంటెండ్ ముక్క, టెస్టింగ్ ముక్క అని మూడు సబ్‌టాస్క్‌లు పెట్టేస్తారు. అలా చేస్తే ఈమెయిల్ పని మళ్ళీ సందులోనే ఉండిపోతుంది. ఇప్పటికే ఉన్న మనుషుల్లో ఎవరికీ అంటని పని కాబట్టే అది జారిపోయింది. అదే మనుషుల పేర్లతో గీతలు గీస్తే అది మళ్ళీ ఎలా కనిపిస్తుంది?

అందుకని మనుషులను పక్కన పెట్టి, కస్టమర్ వైపు నుంచి మొదలుపెట్టండి. పెద్ద ఖాతా ఉన్న కస్టమర్ బటన్ నొక్కిన క్షణం నుంచి ఫైల్ చేతికి వచ్చేదాకా ఏమేం జరగాలో వరసగా రాయండి. బటన్ నొక్కగానే అభ్యర్థన నమోదవ్వాలి. వెనకాల రిపోర్టు తయారవ్వాలి. తయారవుతోందని స్క్రీన్ చెప్పాలి. పేజీ మూసేసినా సరే, సిద్ధమయ్యాక కస్టమర్‌కు తెలియాలి. లింక్ నొక్కితే ఫైల్ రావాలి. ఆ లింక్ ఎన్ని రోజులు పని చేయాలో తేలాలి. గడువు దాటిన ఫైళ్ళు సర్వర్ మీద నుంచి తొలగిపోవాలి. మధ్యలో రిపోర్టు ఫెయిలైతే ఆ మాట కూడా కస్టమర్‌కు చేరాలి.

ఇప్పుడు ప్రతి వాక్యం పక్కన ఒక్క పేరు రాయండి. ఎక్కడ కలం ఆగుతుందో చూడండి. 142లో నాలుగుచోట్ల ఆగుతుంది: సిద్ధమైందని తెలియజేయడం, లింక్ గడువు, పాత ఫైళ్ళ తొలగింపు, ఫెయిలైనప్పుడు పంపే సందేశం. మూడు పేర్లున్న టాస్క్‌లో నాలుగు పనులకు మనిషే లేడని ఈ చిన్న కసరత్తు తేల్చేస్తుంది. అది కూడా రిలీజ్‌కు ముందే.

విడగొట్టాక టాస్క్ ఇలా ఉంటుంది. పేరెంట్ 142 బ్యాకెండ్ ఇంజనీర్ పేరు మీద ఉంది. పనిలో ఎక్కువ భాగం ఆయనదని కాదు, ఆయన దగ్గర ఎక్కువ నిర్ణయాలు ఆగుతాయి కాబట్టి. దాని కింద ఐదు సబ్‌టాస్క్‌లు. రిపోర్టును వెనకాల తయారు చేయడం, ఎంతవరకు వచ్చిందో చెప్పే ఎండ్‌పాయింట్ ఇవ్వడం బ్యాకెండ్ ఇంజనీర్‌వి. స్క్రీన్ మీద స్థితి చూపించడం ఫ్రంటెండ్ ఇంజనీర్‌ది. సిద్ధమైనప్పుడూ ఫెయిలైనప్పుడూ వెళ్ళే రెండు ఈమెయిళ్ళ పని మెయిల్ సర్వీసు చూసే ఇంజనీర్‌ది, ఈయన అసలు మొదటి ముగ్గురిలో లేనే లేరు. లింక్ గడువు తేల్చడం, పాత ఫైళ్ళ తొలగింపు మళ్ళీ బ్యాకెండ్‌వి. పెద్ద ఖాతాతో మొదటి నుంచి చివరిదాకా పరీక్షించడం టెస్టర్‌ది.

మొదటి మూడు పేర్లలో ఒక్కటీ పోలేదు, పైగా నాలుగోది చేరింది. ఎక్కువమంది కలిసి పని చేయడాన్ని ఈ పద్ధతి ఆపదు. ఒక్కో ముక్క మీద ఒక్కొక్కరే ఉండాలంటుందంతే.

ముక్కలు మరీ చిన్నవి చేయకండి. అరగంటలో అయిపోయే పనికి సబ్‌టాస్క్ పెడితే దాన్ని తెరవడానికీ మూయడానికీ పట్టే శ్రమే ఎక్కువవుతుంది. అలాంటివి సబ్‌టాస్క్ లోపల చెక్‌లిస్టుగా రాసుకోవచ్చు. నేను చూసే కొలత ఒకటే: ఆ ముక్క చేతులు మారుతుందా? మారితే విడి టాస్క్, మారకపోతే చెక్‌లిస్టు.

## ఐదో అడుగు: పేరు పెట్టడం వేరు, ఒప్పుకోవడం వేరు

ఒకరి పేరు గడిలో పెట్టినంత మాత్రాన వాళ్ళు ఒప్పుకున్నట్టు కాదు. సెలవులో ఉన్న మనిషికి, ఇప్పటికే నాలుగు పనుల్లో మునిగిన మనిషికి నోటిఫికేషన్ వెళ్ళిపోతుంది, అంతే. ఉమ్మడి టాస్క్‌లను విడగొట్టేటప్పుడు ఇది మరీ ముఖ్యం. నిన్నటిదాకా ముగ్గురిలో ఒకరుగా ఉన్న మనిషికి ఇవాళ పొద్దున ఒంటరిగా పేరు కనిపిస్తే టెన్షన్ పడడం సహజం.

చిన్న నియమం పెట్టుకోండి. అసైన్ అయినవాళ్ళు ఒక పని దినం లోపల రెండిట్లో ఏదో ఒకటి చెయ్యాలి. తీసుకున్నానని, ఎప్పటికి అవుతుందో చెబుతూ ఒక వాక్యం రాయాలి. లేదా ఎందుకు తీసుకోలేరో రాసి తమ పేరు తీసేయాలి. తీసేసినందుకు ఎవరూ ఏమీ అనకూడదు, అంటే మరుసటిసారి పేరు ఉంచుకుని ఊరుకుంటారు. జవాబే రాకపోతే ఖాళీ టాస్క్‌లు చూసే మనిషి దాన్ని వెనక్కి తీసుకోవాలి.

టాస్క్ చేతులు మారేచోట రాసే కామెంట్ కూడా ఇందులో భాగమే. "నా వైపు అయింది" అన్న మాట 142లో తొమ్మిది రోజులు తినేసింది. అప్పగించే కామెంట్‌లో ఏది అయింది, ఏది కాలేదు, తర్వాత ఎవరు ఏం చేయాలి అన్నవి ఉండాలి. బుధవారం నాడు ఇలా రాసి ఉంటే చాలేది:

"రిపోర్టు వెనకాల తయారయ్యే కోడ్, స్థితి చెప్పే ఎండ్‌పాయింట్ రెండూ టెస్ట్ సర్వర్ మీద ఉన్నాయి. జవాబు నమూనా కింద పెట్టాను. ఈమెయిల్ ఇందులో లేదు. ఇక స్క్రీన్ పని మొదలుపెట్టవచ్చు, ఫ్రంటెండ్ సబ్‌టాస్క్ మీకు అసైన్ చేస్తున్నాను."

"ఈమెయిల్ ఇందులో లేదు" అన్న చిన్న మాటను తక్కువ చేయకండి. నేను ఏం చేయలేదో చెప్పినప్పుడే ఆ పని ఎవరిదన్న ప్రశ్న లేస్తుంది.

## మళ్ళీ పాత అలవాటుకు వెళ్ళకుండా

మొదటి నెలలో పేర్లు మళ్ళీ చేరుతూనే ఉంటాయి. పైన ఇచ్చిన కమాండ్‌ను వారానికోసారి నడిపి, వచ్చిన జాబితాను స్టాండప్‌లో చదవండి. ఒక్కో టాస్క్‌కు ఒకే ప్రశ్న: ఇది ఆగితే ఎవరిని అడగాలి? జవాబు చెప్పేముందు ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారంటే దాన్ని అక్కడికక్కడే విడగొట్టండి. జాబితాలో లేకపోయినా ఆగిన టాస్క్‌లను పట్టుకునే గుర్తులు కూడా ఉన్నాయి. ఎవరు చేస్తున్నారో చెప్పకుండా "పని నడుస్తోంది" అన్న జవాబే వరసగా మూడు స్టాండప్‌లలో వినిపించడం, ఒకే కామెంట్‌లో ఇద్దరు ముగ్గురిని ట్యాగ్ చేయడం, అసైనీ తప్ప మిగతా అందరూ కామెంట్లు రాస్తుండడం.

కొన్ని టీములు "మొదటి పేరే ఓనర్, మిగతావాళ్ళు సహాయకులు" అన్న ఏర్పాటు చేసుకుంటాయి. ఇది నిలబడదు. ఫిల్టర్‌కు మొదటి పేరుకూ మూడో పేరుకూ తేడా తెలియదు, అందరి జాబితాల్లోనూ టాస్క్ ఒకేలా కనిపిస్తుంది. టీములో కొత్తగా చేరినవాళ్ళకు ఆ నియమం ఎవరూ చెప్పరు. సహాయకుల పేర్లు తప్పనిసరిగా కనిపించాలంటే వాళ్ళకు వేరే గడి పెట్టండి, లేదా వివరణలో రాయండి.

## ఒక్క పేరు పెడితే వచ్చే ఇబ్బందులు

మొదటిది, ఒక్క పేరు ఉంటే తప్పు మోపడం తేలిక. గడువు తప్పిన ప్రతిసారీ అసైనీని మీటింగులో నిలబెట్టి అడిగితే, రెండు నెలల్లో అందరూ తమ టాస్క్‌ల మీద తోడుగా ఇంకో పేరు చేర్చుకోవడం మొదలుపెడతారు. ఉమ్మడి పేర్లు చాలాచోట్ల అలా భయం వల్లే పుట్టాయి. ఆగిన పని గురించి ఆగిందని ముందే చెప్పిన మనిషిని ఎవరూ తప్పుపట్టకూడదు. దాచినప్పుడే అడగాలి.

రెండోది, అధికారం లేని ఓనర్. పేరెంట్ టాస్క్ కొత్తగా చేరిన ఇంజనీర్ మీద పెట్టి, కింది సబ్‌టాస్క్‌లు సీనియర్లకు ఇస్తే ఆ కొత్తవారు ఎవరినీ గట్టిగా అడగలేరు. పేరు ఉంటుంది, పట్టు ఉండదు. దీనికి వ్యతిరేకంగా, అన్ని పేరెంట్ టాస్క్‌లూ టీమ్ లీడ్ పేరు మీదే పడే టీములూ ఉంటాయి. ఒకే మనిషి మీద పదిహేను పేరెంట్ టాస్క్‌లు ఉంటే వాటిలో దేనికీ నిజంగా ఓనర్ లేనట్టే లెక్క. పనికి అతి దగ్గరగా ఉండి, "ఇది ఆపండి" అనగలిగే మనిషిని వెతకండి.

ఇద్దరు ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని కలిసి కోడ్ రాసే జంటల విషయంలో నేను పట్టుబట్టను. రెండు పేర్లున్నా ఇద్దరూ ఒకేచోట ఒకే సమయంలో పని చేస్తారు కాబట్టి ఒకరి మీద ఒకరు వదిలేసే సందు ఉండదు. జంట విడిపోయిన రోజున, అంటే ఒకరు వేరే పనికి మారిన రోజున, రెండో పేరు తీసేయాలి. ఆ రోజు తీయడం మరిచిపోతే అది మామూలు ఉమ్మడి టాస్క్ అయిపోతుంది.

చివరిగా, ఆ ఒక్క మనిషి సెలవు పెడితే? దీనికి భయపడే చాలామంది రెండో పేరు చేరుస్తారు. సెలవుకు రెండో పేరు మందు కాదు, ఎందుకంటే ఓనర్ లేరన్న సంగతి ఆ రెండో మనిషికి ఎవరూ చెప్పరు. రెండు రోజులకు మించిన సెలవుకు వెళ్ళేముందు అసైనీ తన ఓపెన్ టాస్క్‌లన్నీ తెరిచి, ఒక్కోదాన్ని ఏదో ఒకటి చేసి వెళ్ళాలి. ఆగేపని కాకపోతే ఒప్పుకున్న ఇంకొకరికి అసైన్ చేసి అప్పగింత కామెంట్ రాయాలి. ఆగగలిగితే తన పేరు మీదే ఉంచి, ఫలానా తేదీదాకా ఇది కదలదని రాయాలి. అనుకోకుండా సెలవు పెట్టాల్సి వస్తే ఖాళీ టాస్క్‌లు చూసే మనిషే వాళ్ళ జాబితా కూడా తెరిచి ఇదే పని చేస్తారు. తిరిగి వచ్చాక చేతులు మారిన టాస్క్‌లను వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నది ఇప్పుడు పని చేస్తున్నవాళ్ళను అడిగి తేల్చుకోవాలి. అడగకుండా తన పేరు కూడా పక్కన చేర్చేసుకుంటే, ఆ టాస్క్ మీద మళ్ళీ రెండు పేర్లు ఉన్నట్టే.